నాన్న ఉప్పు ఖాతా: లేబుల్ మీద 100 గ్రాములు, కంచంలో ఎన్ని?

1వ రోజు

పోయిన వారం చెకప్‌లో నాన్నకి బీపీ ఎక్కువ వచ్చింది. డాక్టరు గారు మందు డోసు మార్చి, రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదు అన్నారు. ఇంటికొచ్చాక నాన్న "నేను ఉప్పెక్కడ తింటున్నానే, కూరల్లో చప్పగానే ఉంటోందిగా" అని మొదలుపెట్టారు. కూరల సంగతి అమ్మ చూసుకుంటుంది గానీ ప్యాకెట్ల సంగతి ఎవరూ చూడట్లేదు, అందుకే ఈ ప్రాజెక్టు. నాన్న తినే ప్రతి ప్యాకెట్ ఐటమ్‌లో సోడియం ఎంతుందో, ఆయన నిజంగా తిన్న మోతాదుకి లెక్కేసి మూడు వారాలు రాయాలి.

మన దగ్గర ప్యాకెట్ల వెనక పోషకాల పట్టిక 100 గ్రాములకి ఉంటుంది, తాగేవాటికైతే 100 మిల్లీలీటర్లకి. పక్కన సర్వింగ్ ఎంతో, ఆ సర్వింగ్ తింటే రోజు అవసరంలో ఎంత శాతమో అని ఆర్‌డీఏ కాలమ్ ఒకటి. సోడియానికి ఆ ఆర్‌డీఏ 2000 మిల్లీగ్రాములు, అంటే డాక్టరు గారు చెప్పిన 5 గ్రాముల ఉప్పే. 1 గ్రాము ఉప్పులో సోడియం దాదాపు 393 మిల్లీగ్రాములు, ఐదుతో హెచ్చిస్తే 1965 వస్తుంది, అక్కడికి సరిపోయింది.

షీట్ తయారు చేశా. B లో 100 గ్రాములకి ఎన్ని మిల్లీగ్రాములో, C లో తిన్న గ్రాములు, D లో ఇది:

```
=B2*C2/100
```

ఇంతే కదా లెక్క, దీనికి మూడు వారాలెందుకు అనుకున్నా. నాన్న బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, ఫోన్లో రాసింది లెక్క కాదంటారు, కాబట్టి ఆయనకి వేరేగా పొడుగు పుస్తకం, గీతలు కొట్టుకుని, డెబిట్ క్రెడిట్ లాగా. ఆయన పేజీ మొదట్లో "ఉప్పు ఖాతా" అని రాసి కింద సంతకం కూడా పెట్టారు.

2వ రోజు

వంటింటి కాటా వచ్చింది. 5 కిలోల దాకా తూస్తుంది, 1 గ్రాము తేడా చూపిస్తుంది. ముందు కొలత గ్లాసుతో 500 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి చూశా, 498 చూపించింది, పర్లేదు.

కానీ ఒక జబ్బు కనిపెట్టా. గిన్నె పెట్టి సున్నా నొక్కి, అందులో కారప్పొడి చిటికెడు చిటికెడుగా వేస్తూ పోతే కాటా సున్నా దగ్గరే కూర్చుంటుంది, చెంచాడు పడ్డాక కూడా 0 అంటుంది. చవక కాటాలు చిన్న చిన్న మార్పుల్ని "ఇది నేనే కాస్త కదిలాను" అనుకుని మళ్ళీ సున్నాకి సర్దుకుంటాయి. కొలవాల్సింది చిన్న మోతాదైతే గిన్నెని కాటా మీద నుంచి తీసి, వేసుకుని, మళ్ళీ పెట్టి చూడాలి, లేదా డబ్బానే ముందు ఒకసారి వెనక ఒకసారి తూచి తేడా తీసుకోవాలి. ఈ రెండో పద్ధతి తర్వాత చాలా పనికొచ్చింది.

3వ రోజు

మొదటి దెబ్బ ఆవకాయ దగ్గరే. అమ్మ పెట్టిన ఆవకాయ జాడీ తీయడానికి ఇంకా ముహూర్తం రాలేదుట, ప్రస్తుతం వాడేది కొన్న సీసా. దాని లేబుల్: 100 గ్రాములకి సోడియం 5200 మిల్లీగ్రాములు, సర్వింగ్ 10 గ్రాములు, ఆర్‌డీఏలో 26 శాతం. నాన్న కళ్ళజోడు పైకెత్తి చదివి "ఇరవై ఆరేగా, ఇంకా డెబ్భై నాలుగుంది" అన్నారు.

సరే, ఆయన రోజూ వేసుకున్నట్టే వేసుకోమని చెప్పి కంచం కింద కాటా పెట్టా. రెండు చెంచాలు, ఒక ముక్క, కాస్త పిండి, పైన నూనె. 34 గ్రాములు. 34 × 52 = 1768. ఆ ఒక్క పూట అన్నంలో ఆవకాయే రోజు కోటాలో 88 శాతం తినేసింది. లేబుల్ అబద్ధం చెప్పలేదు, 10 గ్రాములకి 26 శాతం నిజమే, కాకపోతే 10 గ్రాములంటే ఎంతో చూపిద్దామని కంచం మూలకి వేస్తే నాన్న "ఇది నంజుకోడానికా, వాసన చూడ్డానికా" అన్నారు. తెలుగువాళ్ళ కంచంలో ఆవకాయ నంజుకునేది కాదు, కలుపుకునే పదార్థం, మొదటి ముద్దల్లో అదే కూర. సర్వింగ్ కాలమ్ ఎవరో నంజుకునేవాళ్ళని తలుచుకుని వేసినట్టుంది. అప్పట్నుంచి ఆ కాలమ్ మీద పెన్సిల్‌తో గీత కొట్టేసి 100 గ్రాముల కాలమ్ మాత్రమే చూస్తున్నా.

4, 5 రోజులు

బిస్కెట్లకి కాటా అక్కర్లేదు, ప్యాకెట్ బరువుని బిస్కెట్ల లెక్కతో భాగిస్తే చాలు. మసాలా మజ్జిగ ప్యాకెట్ 200 మిల్లీలీటర్లు, లేబుల్ 100 మిల్లీలీటర్లకి, రెండుతో గుణిస్తే అయిపోయింది, దాన్ని తూచక్కర్లేదు. ఇలాంటివి ఐదు నిమిషాల పని.

6వ రోజు

నూడుల్స్. మా బాబుకి సాయంత్రం నూడుల్స్ చేస్తే తాతయ్య కూడా పక్కన చేరతారు. రెండు ప్యాకెట్లు కలిపి వండా, నాన్న గిన్నె తూచా, 290 గ్రాములు. లేబుల్ మీద 100 గ్రాములకి సోడియం 1200 మిల్లీగ్రాములు, 427 కిలో కేలరీలు. షీట్‌లో కొట్టా: 3480 మిల్లీగ్రాముల సోడియం, 1238 కిలో కేలరీలు. అమ్మో అనిపించింది, వెంటనే నాన్నకి చెప్పేశా, ఇక నూడుల్స్ బంద్ అని.

రాత్రి నాన్న తన పుస్తకంలో ఎక్కించుకుంటూ ఆగిపోయారు. ప్యాకెట్ కవర్ తెచ్చి చూశారు. "ఏమే అమ్మాయ్, ప్యాకెట్ 70 గ్రాములు. రెండు కలిపి 140. బాబు గిన్నె వేరే ఉంది. మరి నేనొక్కణ్ణే 290 ఎక్కణ్ణించి తిన్నానే? ఈ వోచర్ పాస్ చెయ్యను."

నిజమే. లేబుల్ చెప్పేది ప్యాకెట్‌లో ఉన్న ఎండు నూడుల్స్, మసాలా పొడి కలిపి. నేను తూచింది నీళ్ళు తాగి ఉబ్బిన నూడుల్స్. నీళ్ళకి కూడా 1200 చొప్పున సోడియం కట్టేశా! ఇలాంటి తప్పు పట్టుకోడానికి నాన్న పద్ధతే బెస్టు, మొత్తం ప్యాకెట్ తిన్నా రాని సంఖ్య ఒక మనిషి లెక్కలో వచ్చిందంటే గ్రాముల దగ్గరే ఎక్కడో తప్పుందన్నమాట.

7వ రోజు

కరెక్టు చేసిన పద్ధతి. వండిన తర్వాత మొత్తం తూచాలి, నాన్న గిన్నె తూచాలి, ఆయన వాటా ఎంత అనేది తీసుకుని ఆ వాటాని ఎండు బరువుకి పెట్టాలి. ఇవాళ మళ్ళీ చేశా, బాబు ఖుషీ. వండిన మొత్తం 460, నాన్న గిన్నెలో 290.

290 ÷ 460 అంటే 0.63. ఎండు బరువు 140 లో ఆ వాటా 88 గ్రాములు. 88 × 12 = 1056. నిన్నటి 3480 లో మూడో వంతు కూడా లేదు. అయినా ఒక సాయంత్రం టిఫిన్‌కి రోజు కోటాలో సగం పైన, కాబట్టి బంద్ తీర్పు పూర్తిగా ఎత్తెయ్యలేదు, వారానికి ఒకసారి, అదీ చిన్న గిన్నెలో అని రాజీ కుదిరింది. ఆ చిన్న గిన్నెలో పట్టేది 130, అంటే ఎండు లెక్కలో 40 గ్రాములు, 480 మిల్లీగ్రాములు.

మసాలా పొట్లం సగమే వేస్తే సగం తగ్గుతుందా అని అమ్మ అడిగింది. ఎక్కువ ఉప్పు పొట్లంలోనే ఉంటుంది గానీ నూడుల్స్ ముద్దలో కూడా ఉంటుంది, లేబుల్ రెండూ కలిపి ఒకే సంఖ్య ఇస్తుంది, విడదీసి చూపించదు. కాబట్టి తగ్గుతుంది, ఎంత తగ్గుతుందో మాత్రం షీట్‌లో వేయలేను. సగం పొట్లం వేసిన రోజు కూడా పూర్తి సంఖ్యే రాస్తున్నా, ఎక్కువ రాసి తక్కువ తింటే నష్టం లేదు కదా. ఓట్స్‌కీ, అటుకులకీ, ఉప్మా రెడీ మిక్స్‌కీ ఇదే వాటా పద్ధతి, లేబుల్ పొడి సరుకుదే.

9వ రోజు

అప్పడాలు. నూడుల్స్ దెబ్బ గుర్తుండి ఈసారి ముందే ఆలోచించా. వేయించిన అప్పడం తూస్తే తప్పే, అందులో తడి పోయి నూనె చేరుతుంది, అది లేబుల్ చెప్పే అప్పడం కాదు. పచ్చివి తూచాలి. ఒక్కటి తూస్తే 12 అనో 13 అనో కాటా తేల్చుకోలేకపోతోంది, అందుకే పది కలిపి పెట్టా, 128. అంటే ఒకటి 12.8 గ్రాములు. లేబుల్ 100 గ్రాములకి 1900, ఒక అప్పడం 243 మిల్లీగ్రాములు. నాన్న పప్పులోకి రెండు, అంటే 486. నూనె వల్ల సోడియం మారదు, కేలరీలు మారతాయి, ఆ నూనె లెక్క ఏ అప్పడాల లేబుల్ మీదా ఉండదు. నాకు కావాల్సింది సోడియమే కాబట్టి ఆ గొడవలోకి పోలేదు.

10వ రోజు

ఆవకాయకి మళ్ళీ వచ్చా. 3వ రోజు తూచిన 34 గ్రాములు ఒక్క పూటది, అదీ నేను పక్కన నిలబడి చూస్తుండగా వేసుకున్నది, మనిషి మామూలుగా ఎంత వేసుకుంటాడో దాన్నిబట్టి చెప్పలేం. అందుకని ఆ రోజు భోజనం అయ్యాక సీసా తూచి పెట్టా, 812. ఈ సీసా నాన్నదే, మేమెవరం ముట్టుకోం. ఇవాళ రాత్రి మళ్ళీ తూచా, 604. ఏడు రోజుల్లో 208 గ్రాములు, రోజుకి 30 గ్రాములు. సోడియం రోజుకి 1545 చొప్పున. ఖాళీ సీసా బరువు తెలియక్కర్లేదు, తేడాలో అదే కొట్టుకుపోతుంది. రోజూ కంచం తూచే బాధ తప్పింది, నాన్నకి కూడా నేను నెత్తిన నిలబడే బాధ తప్పింది.

ఇక్కడ నాన్న ఒక పాయింట్ లేపారు, అది మంచి పాయింటే. "నేను సగం నూనే వేసుకుంటాను కదా, నూనెలో ఉప్పుంటుందా?" ఉండదు, ఉప్పు నూనెలో కరగదు, అది ముక్కలోనూ ఊటలోనూ పిండిలోనూ ఉంటుంది. లేబుల్ సంఖ్య సీసా మొత్తాన్ని కలిపేసి చూస్తే వచ్చే సగటు. కాబట్టి పైన తేలిన నూనె ఎక్కువ వేసుకున్న రోజు మన లెక్క నిజం కన్నా ఎక్కువ చూపిస్తుంది, అడుగున గట్టి పిండి తీసుకున్న రోజు తక్కువ చూపిస్తుంది. సీసా మొత్తం ఒకే మనిషి తింటే చివరికి రెండూ సర్దుకుంటాయి, ఎందుకంటే లేబుల్ చెప్పిన ఉప్పంతా ఆయన కడుపులోకే పోతుంది. సీసా మధ్యలో ఉన్నప్పుడు మాత్రం అంకె మీద మరీ నమ్మకం పెట్టుకోకూడదు. రేపట్నుంచి గరిటెతో అడుగు దాకా కలిపి వడ్డించాలని అమ్మకి చెప్పా. అమ్మ "అది నేను ముప్ఫై ఏళ్ళుగా చెప్తున్నదే" అంది.

చెంచా మార్చాం. పాత చెంచా తీసేసి సీసాలో ఐస్‌క్రీమ్ చెంచా పెట్టా. చూద్దాం.

12వ రోజు

అక్క ఇంగ్లండ్ నుంచి వచ్చింది, ఓట్ బిస్కెట్లు తెచ్చింది. పట్టికలో చివరి వరస 1.1 అనుంది, గ్రాములు. నేను అలవాటుగా 1.1 గ్రాములంటే 1100 మిల్లీగ్రాముల సోడియం అని ఎక్కించేశా, బిస్కెట్లకి ఇంతా అని అక్క మీద ఎగిరా కూడా. అక్క కవర్ తిప్పి చూపించింది, అక్కడ రాసింది సోడియం కాదు, ఉప్పు. అక్కడి లేబుల్స్ మీద ఉప్పుగా మార్చే వేస్తారు, సోడియాన్ని 2.5 తో హెచ్చించి. మనం వెనక్కి రావాలంటే 2.5 తో భాగించాలి: 1.1 ÷ 2.5 = 0.44 గ్రాములు, అంటే 440 మిల్లీగ్రాములు. నాన్న తిన్న రెండు బిస్కెట్లు 30 గ్రాములు, 132 మిల్లీగ్రాములు. క్షమాపణగా టీ పెట్టిచ్చా.

బాబాయి వాళ్ళబ్బాయి డాలస్ నుంచి ఎప్పుడో పంపిన క్రాకర్స్ డబ్బా కూడా బయటికి తీసి చూశా, అక్కడ దీనికి ఉల్టా. 100 గ్రాముల కాలమే లేదు, ఒక్క సర్వింగ్‌కే ఇస్తారు. సర్వింగ్ 30 గ్రాములకి 230 మిల్లీగ్రాములు అనుంటే 230 ని 30 తో భాగించి 100 తో హెచ్చిస్తే 767, అదీ నా B కాలమ్‌లో వేయాల్సింది. వాళ్ళు పక్కన వేసే శాతాన్ని కూడా మన పుస్తకంలో ఎక్కించకూడదు, వాళ్ళ రోజు లెక్క 2300 మిల్లీగ్రాముల మీద, మనది 2000 మీద. వాళ్ళ 10 శాతం మనకి పదకొండున్నర.

14వ రోజు

అమ్మ ఆవకాయ జాడీ తీశారు. దానికి లేబుల్ లేదు కాబట్టి మేమే చేద్దామని కూర్చున్నాం, ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన సాయంత్రం ఇదే.

అమ్మ కొలత గ్లాసు లెక్క. రెండు కిలోల ముక్కలకి కారం నాలుగు గ్లాసులు, ఆవపిండి నాలుగు, ఉప్పు రెండే. "ఉప్పు బరువమ్మా, సమానంగా వేస్తే నోట్లో పెట్టలేం" అంది. అదే గ్లాసు తెప్పించి ఒక్కోటీ నింపి తూచా. కారం 100 గ్రాములు, ఆవపిండి 100, దంచిన కల్లుప్పు 240. గ్లాసు ఒకటే, బరువు దాదాపు రెండున్నర రెట్లు, అమ్మ చెప్పింది అక్షరాలా నిజం.

మొత్తం కూడితే: ముక్కలు 2000, కారం 400, ఆవపిండి 400, ఉప్పు 480, నువ్వుల నూనె లీటరు, అది తూకంలో 910 (లీటరు నూనె కిలో ఉండదు, మొదట నేను 1000 వేసి నాన్నతో తిట్లు తిన్నా), వెల్లుల్లి 150, మెంతులు 20. అంతా 4360 గ్రాములు. అందులో ఉప్పు 480 అంటే 100 గ్రాములకి 11 గ్రాములు. 11 × 393 = 4323 మిల్లీగ్రాములు.

కొన్న సీసా 5200, అమ్మది 4320. నాన్న ఆ రెండు అంకెలూ పెద్దక్షరాలతో రాసి అమ్మకి చూపించారు. నేను జాడీ మూత మీద చీటీ అంటించా, "100 గ్రాములకి సోడియం సుమారు 4300 మిల్లీగ్రాములు". సుమారు అని ఎందుకంటే గ్లాసు ఒక్కోసారి గుమ్మటంగా నింపుతారు ఒక్కోసారి అంచు దాకా సమంగా, అమ్మ ఏ గ్లాసు ఎలా నింపిందో రెండు నెలల తర్వాత ఎవరికి గుర్తుంటుంది.

అయితే తేడా 17 శాతమే. 30 గ్రాములు వేసుకుంటే అమ్మ ఆవకాయైనా దాదాపు 1300 అవుతుంది. నాన్నకి ఈ మాట ఆ సాయంత్రం చెప్పలేదు, మర్నాడు చెప్పా.

17వ రోజు

ఐస్‌క్రీమ్ చెంచా వారం ఫలితం. సీసా 604 నుంచి 506 కి వచ్చింది, 98 గ్రాములు, రోజుకి 14. సోడియం 728. పదిహేను వందల నుంచి ఏడొందలకి. నాన్న అన్నది, "నేను రెండు చెంచాలే వేసుకుంటున్నాను, ఏం తగ్గించలేదు." చెంచాల లెక్కలో ఆయన చెప్పింది కరెక్టే.

ఇది లేబుల్ లెక్క కాదు గానీ ఇంకొకటి కూడా చూశా. వంటింట్లో కిలో ఉప్పు ప్యాకెట్ మూత మీద అమ్మ తెరిచిన తేదీ రాస్తుంది, పోయినది 45 రోజులు వచ్చింది, పెద్దవాళ్ళం ముగ్గురం, బాబుది లెక్కలోకి తీసుకోకపోతే మనిషికి రోజుకి 7.4 గ్రాములు. కొంత కూరగాయలు కడగడానికి పోతుంది, కొంత గంజిలో పోతుంది, అయినా కూడా 5 కి దగ్గర్లో లేదు. అంటే ప్యాకెట్లన్నీ సున్నా చేసినా కోటా దాటుతూనే ఉన్నాం. ఇది చూపించాక కూరలు చప్పగా ఉన్నాయన్న మాట నాన్న నోట మళ్ళీ రాలేదు, అమ్మే ఒకసారి అంది.

21వ రోజు

పుస్తకంలో ప్యాకెట్ ఐటమ్స్ పేజీ మూసేశాం. మొదటి వారం ప్యాకెట్ల సోడియం సగటున రోజుకి 2400 దగ్గర ఉండేది, ఈ వారం 1000 చిల్లర. ఎక్కువ తగ్గింది ఆవకాయ చెంచా దగ్గర, తర్వాత నూడుల్స్ గిన్నె దగ్గర. అప్పడం రెండు నుంచి ఒకటి అయింది, బిస్కెట్లు ఏం మారలేదు, మార్చేంత లేదు కూడా.

ఒక గడి మాత్రం ఖాళీ. ఊరమిరపకాయలు. ప్యాకెట్ కాదు, పిన్ని తెనాలి నుంచి పంపినవి, లేబుల్ లేదు. ఆవకాయలాగా మేమే కడదామంటే కుదరట్లేదు, ఎందుకంటే ఆవకాయలో వేసిన ఉప్పంతా జాడీలోనే ఉంటుంది, ఇక్కడ మిరపకాయల్ని ఉప్పేసిన మజ్జిగలో నానబెట్టి ఎండబెడతారు, మళ్ళీ అదే మజ్జిగలో వేస్తారు, చివరికి మిగిలిన మజ్జిగ పారబోస్తారు. ఎంత ఉప్పు వేశారో పిన్ని చెప్పగలదు, ఎంత మిరపకాయలోకి పోయిందో ఎంత పారబోసిన దాంట్లో పోయిందో ఎవరూ చెప్పలేరు. వేసిందంతా కాయల్లోకే పోయిందనుకుని పై అంకె ఒకటి రాద్దామా అన్నా. నాన్న ఒప్పుకోలేదు, ఆధారం లేని ఎంట్రీ వద్దన్నారు, పేజీలో ఆ వరసకి ఎదురుగా పెన్సిల్‌తో చుక్క పెట్టి, ప్లేట్లో ఉన్న మిరపకాయ తీసి పెరుగన్నంలో నంజుకున్నారు.